మందపు గోడల చిన్నింట్లో రూటరు ఎక్కడ పెట్టాలి: వీధిగది మూలా, నట్టిల్లా, గుమ్మం పై వెంటిలేటరా, అటకా?

గోదావరి డెల్టాలో పాత పెంకుటిళ్లకు గానుగ సున్నంతో కట్టిన అడుగున్నర మందపు ఇటుక గోడలు ఉండటం మామూలే. మొత్తం ఇల్లు ఎనిమిది తొమ్మిది వందల చదరపు అడుగులే అయినా, వీధిగదిలో పెట్టిన రూటరు సిగ్నల్ వంటింటి దాకా అందదు. అదే విస్తీర్ణంలో పట్నంలో కట్టిన ఫ్లాటులో అదే రూటరు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. కాబట్టి లోపం పెట్టెలో ఉందని అనుకుని ఇంకా ఖరీదైన రూటరు కొనేముందు, ఉన్నదాన్ని ఇంట్లో ఏ చోట పెడితే బాగుంటుందో తేల్చుకోవడం మేలు. ఇలాంటి ఇళ్లలో సాధారణంగా పోటీకి వచ్చే నాలుగు చోట్లను పాలకొల్లు దగ్గరి పల్లెలో ఉన్న మా మేనత్త గారి ఇంట్లో కొలిచి చూసిన లెక్కలతో ఇక్కడ పోలుస్తున్నాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

సిగ్నల్ బలాన్ని ఫోనులో వైఫై అనలైజర్ వంటి ఉచిత ఆప్ చూపిస్తుంది. అది dBm అనే గుర్తుతో మైనస్ అంకెగా కనిపిస్తుంది, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలమని అర్థం. మైనస్ 50 దరిదాపుల్లో ఉంటే ఏ పనికీ లోటు ఉండదు. మైనస్ 65 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. మైనస్ 70 దాటితే బొమ్మ ఆగి ఆగి కదలడం, మాట తెగడం మొదలవుతాయి, మైనస్ 80 దాటాక పేరు కనిపించినా పని జరగదు. ఈ కొలమానంలో ప్రతి పది అంకెల దిగుదలకూ శక్తి పదో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకుంటే, మైనస్ 60కి, మైనస్ 80కి మధ్య ఉన్న తేడా ఇరవై కాదనీ నూరు రెట్లనీ తెలుస్తుంది.

చాలామంది రూటరుకు ఎంత దూరంలో ఉన్నామన్నదే చూస్తారు. కానీ ఖాళీ చోట దూరం రెండింతలైతే పోయేది ఆరు అంకెలే. పది అడుగుల నుంచి ఇరవై అడుగులకు జరిగితే ఆరు, ఇరవై నుంచి నలభైకి జరిగితే మరో ఆరు పోతాయి. దానితో పోలిస్తే ఒక్క అడుగున్నర గోడ, నేను కొలిచిన చోట, రూటరు పంపే రెండు రకాల సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌లో పది నుంచి పదిహేను అంకెలనూ, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌లో ఇరవై వరకూ మింగింది. అంటే చిన్నింట్లో అసలు ప్రశ్న ఎన్ని అడుగులు అన్నది కాదు, ఎన్ని గోడలు అన్నది. మనం కూర్చునే చోటికీ రూటరుకూ మధ్య మందపు గోడ ఒకటి ఉంటే రెండు రకాల సిగ్నలూ పనికొస్తాయి. రెండు ఉంటే 5 గిగాహెర్ట్జ్ దాదాపు పోయినట్టే, 2.4 కుంటుతూ నడుస్తుంది.

గోడలను లెక్కపెట్టేటప్పుడు ఏటవాలును కూడా చూడాలి. గోడకు నిటారుగా ఎదురుపడిన సిగ్నల్ అడుగున్నర ఇటుకనే దాటుతుంది గానీ, నలభై ఐదు డిగ్రీల వాలుగా తగిలినది రెండడుగులకు పైగా, అరవై డిగ్రీల వాలుగా తగిలినది మూడడుగుల ఇటుకను దాటాల్సి వస్తుంది. ఇంటి ఒక మూల నుంచి ఎదురు మూలకు సిగ్నల్ ఎప్పుడూ ఇలా ఏటవాలుగానే వెళుతుంది కాబట్టి, మూలన పెట్టిన రూటరుకు గోడలు ఉన్నదానికంటే మందంగా మారతాయి.

డెల్టా ఇళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. నీటిమట్టం పైనే ఉన్న నేల కావడంతో పాత గోడలు పునాది నుంచి చెమ్మ పీల్చుకుని, కింది రెండు మూడు అడుగుల మేర సున్నం పొడిగా రాలుతూ ఉంటాయి. తడి ఇటుక పొడి ఇటుకకంటే సిగ్నల్‌ను ఎక్కువగా మింగుతుంది. టీవీ బల్ల మీదో, నేలకు దగ్గరగా ఉన్న స్టూలు మీదో పెట్టిన రూటరు గోడలో సరిగ్గా ఆ చెమ్మ భాగం గుండానే పక్క గదిని చేరాల్సి వస్తుంది. అదే రూటరును ఆరు అడుగుల ఎత్తున పెడితే దారి ఎక్కువగా పొడి ఇటుక గుండా పోతుంది, పైగా మంచాలు, బీరువాలు, నీళ్ల డ్రమ్ములు అడ్డురావు.

మందపు గోడల ఇంటికి ఉన్న వరం గుమ్మాలు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం దాకా కనిపించేలా గుమ్మాలన్నీ ఒకే వరుసలో పెట్టడం మన పాత ఇళ్ల అలవాటు. 5 గిగాహెర్ట్జ్ అల పొడవు రెండు అంగుళాల పైచిలుకు, 2.4 ది సుమారు ఐదు అంగుళాలు కాబట్టి, మూడడుగుల గుమ్మం వాటికి సింహద్వారం వంటిదే. మూసి ఉన్న టేకు తలుపు కూడా నాలుగైదు అంకెలకు మించి తీసుకోదు. అందుచేత ఇంట్లో చోటు వెతకడమంటే గుమ్మాలను ఎక్కువగా చూడగలిగే చోటు వెతకడమేనని నా అభిప్రాయం.

ఇవి కాక వేడి, ఎలుకలు, ఇన్వర్టరు లైను అందుబాటు, ఫైబరు తీగ పొడవు కూడా నిర్ణయాన్ని మారుస్తాయి. వాటిని ఆయా చోట్ల దగ్గరే చెబుతాను.

కొలిచిన ఇల్లు

మేనత్త గారిది తూర్పు ముఖపు పెంకుటిల్లు, లోపల సుమారు ముప్పై ఆరు అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు. తూర్పున వీధిగది, దాని వెనక నట్టిల్లు, ఆ వెనక వంటిల్లు. ఈ మూడింటి గుమ్మాలూ ఒకే వరుసలో ఉన్నాయి. వీధిగదికి దక్షిణాన ఒక చిన్న గది ఉంది, మనవడు చదువుకునేది అందులోనే. నట్టింటికి దక్షిణాన పడకగది ఉంది, దాని గుమ్మం నట్టింట్లోకి తెరుచుకుంటుంది. లోపలి గోడలు కూడా అడుగున్నరవే. ఫైబరు కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు, అందరూ చేసేటట్టే, తీగ వచ్చిన చోట, అంటే వీధిగది ఈశాన్య మూలన కరెంటు మీటరు పక్కన, మోడెమూ రూటరూ కలిసి ఉన్న ఒకే పెట్టెను బిగించి వెళ్లాడు.

మొదటి చోటు: తీగ వచ్చిన మూల

దీనికి ఖర్చు లేదు, శ్రమ లేదు, పక్కనే ప్లగ్గు ఉంటుంది. వీధిగదిలో టీవీ చూసుకునేవారికి, అరుగు మీద కూర్చుని ఫోను చూసే పెద్దలకు ఇది చాలు. కానీ మూలన ఉన్న పెట్టె శక్తిలో పెద్ద వాటా రెండు బయటి గోడలకే తగిలి వీధి పాలవుతుంది. పడకగది అక్కడికి ముప్పై అడుగుల దూరమే అయినా, దారిలో రెండు గోడలు, అవి కూడా ఏటవాలుగా, అడ్డుపడతాయి. మా కొలతలో పడకగదిలో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 84కి దిగింది. అత్తయ్య గారు దూరాన ఉన్న కూతురితో మాట్లాడాలంటే లేచి వీధిగదిలోకి వచ్చేవారు.

రెండో చోటు: నట్టిల్లు ఉత్తరపు గోడ

ఇంటి మధ్యన పెట్టమన్నది అందరూ చెప్పే సలహా, అందులో తప్పు లేదు. నట్టింట్లో ఉత్తరపు గోడకు, పడకగది గుమ్మానికి ఎదురుగా, ఆరు అడుగుల ఎత్తున పెడితే ఒక్క చిన్న గది తప్ప మిగిలిన ఏ గదికీ ఒక గోడకు మించి అడ్డు ఉండదు. పడకగదికయితే తెరిచిన గుమ్మమే దారి. చిన్న గదికి మాత్రం రెండు గోడలు ఏటవాలుగా తగలడంతో అక్కడ మైనస్ 77 వచ్చింది. ఇంట్లో ఇంటర్నెట్‌తో ఎక్కువ పని ఉన్నవాడు ఆ గదిలోనే కూర్చుంటాడు కాబట్టి, ఇల్లు మొత్తం మీద సగటు బాగున్నా ఈ చోటు ఈ ఇంటికి కుదరలేదు. సగటు చూసి చోటు ఎంచుకోకూడదని నాకు తెలిసింది ఇక్కడే. పని జరిగే మంచం, పని జరిగే కుర్చీ దగ్గర ఎంత అందుతుందన్నదే చూడాలి.

నట్టింట్లోనే అందంగా కనిపించే మరో చోటు గోడలో కట్టిన గూడు. దాన్ని నేను సిఫారసు చేయను. గూట్లో పెట్టిన పెట్టెకు మూడు పక్కలా ఇటుకే ఉంటుంది, ఎదురుగా ఉన్న వైపు తప్ప మిగిలిన ఇంటికి అది గోడలో పూడ్చినట్టే. ఇనుప బీరువా పైన, వెనకాల, అద్దాల షోకేసులో పెట్టడం కూడా అంతే.

మూడో చోటు: గుమ్మం పై వెంటిలేటరు

పాత ఇళ్లలో లోపలి గుమ్మాల పైన గాలి కోసం గోడకు ఆరపారా కన్నం వదిలి, చెక్క కడ్డీలు బిగించిన వెంటిలేటరు తరచుగా కనిపిస్తుంది. వీధిగదికీ నట్టింటికీ మధ్య ఉన్న గుమ్మంపైన అలాంటిది రెండున్నర అడుగుల వెడల్పున, అడుగు ఎత్తున ఉంది. అందులో పెట్టిన రూటరు గోడలోనే ఉన్నా, అటు వీధిగదినీ ఇటు నట్టింటినీ అడ్డులేకుండా చూస్తుంది. అక్కడి నుంచి నట్టింటి మీదుగా వంటింటి గుమ్మంలోకి దారి తిన్నగా పోతుంది. పడకగదికి నట్టింటి గుండా, చిన్న గదికి వీధిగది గుండా ఒక్క గోడ గానీ ఒక గుమ్మం గానీ దాటితే సరిపోతుంది. ఒక పెట్టె రెండు గదుల్లో ఉన్నట్టు పనిచేసే చోటు ఇల్లు మొత్తం మీద ఇదొక్కటే.

దీనికీ షరతులున్నాయి. వెంటిలేటరుకు చెక్క కడ్డీలుంటే ఇబ్బంది లేదు. దోమలు రాకుండా ఇనుప జాలీ కొట్టి ఉంటే మాత్రం అది సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, ప్లాస్టిక్ జాలీకి మార్చాలి. కన్నం అడుగు ఎత్తే కాబట్టి గోడ మందం నీడలా పడి, గుమ్మానికి సరిగ్గా కింద, గోడను ఆనుకుని కూర్చున్నవారికి కొంచెం తగ్గుతుంది. అది దగ్గరి చోటే కనుక ఆ నష్టం తెలియదు. పెట్టెను కన్నం మధ్యలో కాకుండా, ఎక్కువ పని జరిగే గది వైపు అంచుకు జరిపితే ఆ వైపు నీడ ఇంకా తగ్గుతుంది. గాలి ఆడే చోటు కావడంతో వేడి బాధ లేదు. బల్లులు, సాలీళ్లు చేరతాయి, నెలకోసారి దులపాలి.

మామయ్య గారికి ఇది నచ్చలేదు. "ఏరా అబ్బాయ్, గుమ్మం నెత్తిన ఈ దీపాలేంటి? వచ్చినవాళ్లు ఏవనుకుంటారు?" అన్నారు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. మామిడి తోరణం కట్టే చోట తీగలు వేలాడితే చూడటానికి బాగుండదు. తీగను తలుపు చట్రం అంచున తెల్లటి ప్లాస్టిక్ పట్టీలో దాచి, పెట్టెను కొద్దిగా లోపలికి జరిపాక ఒప్పుకున్నారు.

నాలుగో చోటు: అటక

కొన్ని పెంకుటిళ్లలో గదుల మధ్య గోడలు కప్పు దాకా లేవవు. అటక ఎత్తు దాటాక పైన అంతా ఒకే ఖాళీ. నట్టిల్లు అటక మీద పెట్టిన రూటరు సిగ్నల్ ఆ ఖాళీలో పరచుకుని, గోడలను దాటకుండా వాటి పైనుంచి చెక్క పలకల గుండా ప్రతి గదిలోకీ దిగుతుంది. కొలతల్లో ఈ చోటు అన్ని గదులకూ దాదాపు సమానంగా ఇచ్చింది, ఆ సమానత్వం మరే చోటూ ఇవ్వలేదు. పొడవాటి యాంటెనాలు ఉన్న పెట్టె అయితే వాటిని నిటారుగా ఉంచకూడదు. నిలబెట్టిన యాంటెనా చుట్టూ వడ ఆకారంలో సిగ్నల్ వెదజల్లుతుంది, నడుమ చిల్లు ఉన్నట్టు సరిగ్గా దాని కిందా పైనా తక్కువగా ఉంటుంది. అటక మీద ఒకదాన్ని పడుకోబెట్టి, ఒకదాన్ని వాలుగా ఉంచాలి. మిగిలిన మూడు చోట్లా నిటారుగా ఉంచడమే సరి.

అయినా అటకను నేను చివరి ఎంపికగానే ఉంచుతాను. ఇళ్లలో వాడే రూటర్లకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హద్దు 40 డిగ్రీలు. రోహిణి కార్తెలో బంగాళాపెంకుల కింద మధ్యాహ్నం ఆ హద్దు దాటుతుంది. అప్పుడు పెట్టె తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం, వేగం పడిపోవడం కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య మాత్రమే వైఫై సతాయించి, రాత్రి బాగుంటే కారణం వేడేనని అనుమానించవచ్చు. పైగా ఎలుకలు ఫైబరు తీగ కొరుకుతాయి, పెంకు జరిగిన చోట వానచుక్క పడుతుంది, పెద్దవాళ్లు దాన్ని ఆర్పి వెలిగించడానికి నిచ్చెన ఎక్కలేరు.

కొలతలు పక్కపక్కన

ప్రతి గదిలోనూ మనుషులు నిజంగా కూర్చునే చోట, మూడడుగుల ఎత్తున ఫోను పట్టుకుని, నాలుగు దిక్కులకూ తిరిగి చూసి మధ్యస్థంగా వచ్చిన అంకెను రాసుకున్నాం. తలుపులు తెరిచే ఉన్నాయి. గడిలో మొదటిది 2.4, రెండోది 5 గిగాహెర్ట్జ్.

| చోటు | వీధిగది | చిన్న గది | నట్టిల్లు | పడకగది | వంటిల్లు |
|---|---|---|---|---|---|
| మీటరు మూల | −36 / −40 | −52 / −63 | −51 / −62 | −69 / −84 | −66 / −80 |
| నట్టిల్లు ఉత్తరపు గోడ | −52 / −63 | −63 / −77 | −35 / −40 | −46 / −54 | −50 / −61 |
| గుమ్మం పై వెంటిలేటరు | −38 / −43 | −51 / −62 | −38 / −44 | −53 / −65 | −47 / −56 |
| నట్టిల్లు అటక | −50 / −60 | −54 / −66 | −45 / −52 | −53 / −64 | −55 / −67 |

వెంటిలేటరు వరుసలో అతి తక్కువ అంకె పడకగదిలో వచ్చిన మైనస్ 65. అది వీడియో కాల్‌కు సరిపోయే హద్దులోనే ఉంది. మరో ఇంట్లో గుమ్మాలు వరుసలో లేకపోతే ఈ క్రమం మారిపోవచ్చు, కాబట్టి ఈ అంకెలను కాక ఈ పద్ధతిని తీసుకోండి. కొలిచే రోజున మాత్రం రూటరు సెట్టింగుల్లో రెండు సిగ్నళ్లకూ వేరువేరు పేర్లు పెట్టుకోవాలి. ఒకే పేరు ఉంటే ఫోను తనకు నచ్చినదానికి మారుతూ ఉంటుంది, ఏ అంకె దేనిదో తెలియదు.

ఫోనులో ఆప్ వద్దనుకునేవారు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది:

```
netsh wlan show interfaces
```

ఇందులో Signal అన్న వరుసలో శాతం కనిపిస్తుంది. దాన్ని సగం చేసి నూరు తీసేస్తే దాదాపుగా పై కొలమానంలోకి వస్తుంది. 70 శాతం అంటే మైనస్ 65, 50 శాతం అంటే మైనస్ 75.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవారు మేకు కొట్టలేరు, తీగ కదిలించమని ఇంటాయనను అడగలేరు. వారు మూల చోటునే ఉంచుకుని, పెట్టెను మాత్రం నేల దగ్గర నుంచి ఆరు అడుగుల ఎత్తుకు, మూల నుంచి గుమ్మం వైపుకు తీగ అందినంత మేర జరపాలి. నాలుగు అడుగులు జరిగి గుమ్మం లోంచి నట్టిల్లు కనిపించే చోటికి వస్తే, వెనక గదుల్లో ఏడెనిమిది అంకెలు కలిసి రావచ్చు.

ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే ఉండి, రోజంతా నట్టింట్లో, పడకగదిలో గడిపే ఇంటికి నట్టిల్లు ఉత్తరపు గోడే మంచిది. చిన్న గది సంగతి వారికి అక్కరలేదు, పెట్టె కంటికి ఎదురుగా ఉంటుంది, కనెక్షన్ పోయినప్పుడు ఏ దీపం ఎర్రగా వెలుగుతోందో ఫోనులో చెప్పగలరు.

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు, పరీక్షలకు చదివేవారు ఉన్న ఇంట్లో లెక్క వారి కుర్చీ దగ్గర మొదలవ్వాలి. వెంటిలేటరు లేకపోతే, వారి గది గుమ్మానికి ఎదురుగోడ మీద పెట్టి మిగిలిన ఇంటిని 2.4 కు వదిలేయడం కూడా న్యాయమైన ఎంపికే.

గేటు దగ్గరో, పెరట్లో పశువుల పాక దగ్గరో కెమెరా పెట్టుకున్నవారికి మరో చిక్కుంది. చౌక కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటాయి. రూటరును ఇంటి నడుమకు తెచ్చినకొద్దీ వీధి వైపు సిగ్నల్ తగ్గుతుంది. గుమ్మాల వరుసలో పెట్టిన రూటరుకు వీధి తలుపు, పెరటి తలుపు రెండూ దారి ఇస్తాయి గానీ రాత్రి అవి మూసి ఉంటాయి కాబట్టి, కెమెరా పనిచేస్తోందో లేదో తలుపులు మూసిన తర్వాత చూసుకోవాలి.

పెట్టెను కదిలించడం

ఫైబరు తీగను మామూలు కరెంటు తీగలా లాగి మడవకూడదు. లోపలిది గాజు పోగు. టీ గ్లాసు మూతికంటే చిన్న చుట్టగా వంచితే వెలుతురు కారిపోతుంది, గట్టిగా మడిస్తే విరుగుతుంది. కనెక్షన్ ఇచ్చినవారు చాలాసార్లు చూరు కింద కొన్ని మీటర్ల తీగను చుట్టగా కట్టి వదిలేస్తారు. మా ఇంట్లో ఆ చుట్టే పనికొచ్చింది. కేబుల్ కుర్రాడిని పిలిపించి, ఆ తీగను వీధిగది గోడ పైఅంచున తెచ్చి వెంటిలేటరు దాకా లాగించాం. కదిపిన తర్వాత LOS అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే తీగ ఎక్కడో నలిగిందని అర్థం. ముందుగా వంపులను సడలించి చూడాలి.

తీగ చాలకపోతే పెట్టెను మూలనే ఉంచి, దాని వైఫై ఆపేసి, అక్కడి నుంచి క్యాట్ 6 తీగ ఒకటి లాగి కొత్త చోట మరో రూటరు పెట్టుకోవచ్చు. ఆ తీగ నూరు మీటర్ల దాకా బలం కోల్పోదు. వంగినా పరవాలేదు, చిన్న దుకాణంలో కూడా దొరుకుతుంది.

కరెంటు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మీటరు పక్క ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉండి, నట్టింటి ప్లగ్గు లేకపోతే, గాలివాన రాత్రి మంచి చోటున్న రూటరు చీకట్లో ఉంటుంది. ఈ పెట్టెలు ఎక్కువగా 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తాయి, కాబట్టి రూటరు కోసమే అమ్మే చిన్న యూపీఎస్‌ను పక్కన పెడితే ఆ చిక్కు తీరుతుంది. కొనేముందు అడాప్టరు మీద ఉన్న వోల్టు, ఆంపియరు అంకెలు యూపీఎస్ ఇచ్చేవాటికి సరిపోతున్నాయో చదువుకోవాలి.

రెండో పెట్టె ఎప్పుడు

నాలుగు చోట్లలో ఏది ఎంచినా పని జరిగే ఒక గదిలో మైనస్ 70 దాటుతుంటే అప్పుడు రెండో పెట్టె గురించి ఆలోచించాలి. ప్లగ్గులో గుచ్చే రిపీటరు చౌకే గానీ, సిగ్నల్ లేని గదిలో పెడితే లేని సిగ్నల్‌నే మళ్లీ పంచుతుంది. రూటరుకూ ఆ గదికీ నడుమ ఇంకా మైనస్ 60 ఉన్న చోట, అది కూడా గుమ్మం ఎదుట పెట్టాలి. రిపీటరు ఒకే ఛానల్‌ను వినడానికీ తిరిగి పంపడానికీ వాడుకుంటే వేగం సుమారు సగానికి పడుతుంది. తీగ లాగగలిగితే క్యాట్ 6 తో కలిపిన పాత రూటరే మేలు. దానిలో ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు చిరునామాలు పంచే DHCP ఆపి, దాని చిరునామాను మొదటిదానితో ఢీకొట్టని అంకెకు, ఉదాహరణకు 192.168.1.2 కు మార్చి, తీగను రెండు పెట్టెల్లోనూ LAN అని రాసి ఉన్న రంధ్రాల్లోనే గుచ్చాలి. 2.4 లో ఒకదానికి ఛానల్ 1, మరొకదానికి 6 గానీ 11 గానీ ఇస్తే ఒకదాని మాట మరొకదానికి అడ్డురాదు.

చోటు తప్పా, లైను తప్పా

రూటరును కదిలించిన వారం తర్వాత మనవడు మళ్లీ నెమ్మదిగా ఉందని ఫోను చేశాడు. ఇలాంటప్పుడు చోటును నిందించేముందు ల్యాప్‌టాప్ నుంచి రూటరు దాకా ఉన్న దారిని మాత్రమే పరీక్షించాలి. రూటరు చిరునామా 192.168.1.1 అయితే:

```
ping -n 50 192.168.1.1
```

యాభైకి యాభై జవాబులు పది మిల్లీసెకన్ల లోపు వస్తే వైఫై దారి బాగున్నట్టే, తప్పు బయటి లైనుది. జవాబులు తప్పిపోతున్నా, కొన్ని నూరు దాటుతున్నా ఇంట్లోనే ఏదో అడ్డుంది. ఆ రోజు యాభైలో పదకొండు తప్పిపోయాయి, అయితే ఫోనులో అంకె మైనస్ 62 దగ్గరే స్థిరంగా ఉంది. బలం ఉండి జవాబులు పోవడమంటే గోడ సమస్య కాదు, గోల సమస్య. అడిగితే తెలిసింది, ల్యాప్‌టాప్ 5 ను వదిలి 2.4 కు మారిందట, పక్కింటి రూటరు కూడా అదే ఛానల్ 6 లో ఉందట. మాది 11 కు మార్పించాక మళ్లీ పరీక్షిస్తే ఒక్కటే తప్పిపోయింది. పెట్టె వెంటిలేటరులోనే ఉంది, మామయ్య గారు ఈసారి ఉగాదికి తోరణాన్ని దాని కింది నుంచి కట్టించారు.